బిల్డర్ రాసిన గడువు, కోర్టు లెక్కించిన గడువు

ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌ సెక్టార్ 62లో అరాయా అనే పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం ఉంది. అందులో ఫ్లాట్ కొన్న ఒకాయన 2012 మే 8న బిల్డర్ కంపెనీ పయనీర్ అర్బన్‌తో అగ్రిమెంటు రాసుకున్నారు. పునాది తవ్వకం మొదలైన రోజు నుంచి 39 నెలల్లో ఓసీకి, అంటే నివాసయోగ్యమని ప్రభుత్వం ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు, దరఖాస్తు చేస్తామని బిల్డర్ మాట ఇచ్చాడు. దాని మీద మరో 180 రోజులు గ్రేస్ పీరియడ్. తవ్వకం 2012 జూన్ 4న మొదలైంది. వేళ్ల మీద లెక్కపెట్టినా 2015 సెప్టెంబరు 4కి గడువు తీరాలి. గ్రేస్ కలిపినా 2016 మార్చి 4 దాటకూడదు.

ఆయన వాయిదాల ప్రకారం మొత్తం 4 కోట్ల 83 లక్షల 25 వేల 280 రూపాయలు కట్టారు. గడువు పోయింది, గ్రేస్ పోయింది, ఓసీ రాలేదు. 2017 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి, ఫ్లాటు వద్దు, నా డబ్బు వడ్డీతో ఇప్పించండి అని అడిగారు. కేసు నడుస్తుండగా 2018 జులైలో బిల్డర్‌కు ఓసీ వచ్చింది. ఆగస్టులో తాళాలు తీసుకోండని ఉత్తరం రాశాడు. అప్పటికి ఆలస్యం దాదాపు రెండున్నరేళ్లు.

బిల్డర్ వాదన సూటిగా ఉంది. అగ్రిమెంటు మీద మీరు సంతకం పెట్టారు, డబ్బు వాపసు ఎప్పుడు ఎలా అడగాలో అందులోనే ఉంది, ఆ దారిలోనే రావాలి అన్నాడు. కాబట్టి ఆ దారి ఏమిటో సుప్రీంకోర్టు చదివింది. కొనేవాళ్లందరూ ఒకసారి చదవాల్సిన పోలిక అది.

కొన్నవాడు ఒక వాయిదా ఆలస్యం చేస్తే ఏడాదికి 18 శాతం వడ్డీ. ఏదైనా షరతు తప్పితే బిల్డర్ నోటీసు ఇస్తాడు, 30 రోజుల్లో సరిదిద్దుకోకపోతే అగ్రిమెంటు దానంతటదే రద్దవుతుంది, అడ్వాన్సు బిల్డర్ ఉంచేసుకుంటాడు. మరి బిల్డరే తప్పితే? కొన్నవాడు గ్రేస్ పీరియడ్ అయ్యాక ఇంకో 12 నెలలు ఆగాలి. ఆగిన తర్వాత 90 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు గడువు ముగిశాక కూడా డబ్బు తిరిగి ఇవ్వడానికి బిల్డర్‌కు మరో 90 రోజులు. ఇచ్చేది కట్టిన వాయిదాలు మాత్రమే, అందులోనూ పన్నులూ పాత పెనాల్టీలూ పట్టుకుని. అప్పటికీ ఇవ్వకపోతే, ఆ తర్వాతి ఆలస్యానికి మాత్రమే 9 శాతం వడ్డీ.

2019 ఏప్రిల్ 2న జస్టిస్ యు.యు. లలిత్, జస్టిస్ ఇందూ మల్హోత్రా ధర్మాసనం తీర్పు ఇచ్చింది. బిల్డర్ తయారుచేసిన కాగితం మీద చుక్కలగీత దగ్గర సంతకం పెట్టడం తప్ప కొనేవాడికి వేరే దారి లేదని తేలితే, ఆ షరతు అతన్ని కట్టిపడేయదని చెప్పింది. అలాంటి ఏకపక్ష షరతులు పెట్టడమే వినియోగదారుల చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి అంది. మొత్తం సొమ్మును 10.7 శాతం వడ్డీతో తిరిగివ్వాలన్న కమిషన్ ఉత్తర్వును ఖాయం చేసింది. గడువు దాటి ఇంతకాలం అయ్యాక తాళాలు చూపించి, తీసుకోవాల్సిందేనని కొన్నవాడిని బలవంతపెట్టడానికి వీల్లేదని కూడా స్పష్టం చేసింది.

ఈ తీర్పుకు ముందు కూడా ఇలాంటి ఆలోచన మన న్యాయవ్యవస్థలో ఉంది. 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగుల కాంట్రాక్టు గురించి అదే మాట అంది: రెండు పక్షాల బలంలో బొత్తిగా పొంతన లేనప్పుడు, ఒకరు రాసి ఇంకొకరు మారుమాట్లాడకుండా ఒప్పుకోవాల్సి వచ్చిన అన్యాయపు షరతును కోర్టు అమలు చేయదు. పయనీర్ తీర్పు దాన్ని ఫ్లాటు అగ్రిమెంటు దగ్గరికి తెచ్చింది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని చట్టంలోనే రాసేసింది. జరిగిన నష్టానికి పొంతనలేని జరిమానా, కారణం చూపకుండా ఒక పక్షమే రద్దు చేసుకునే హక్కు, కొనేవాడిని నష్టపరిచే అసమంజసమైన చార్జీ లేదా షరతు, ఇవన్నీ అన్యాయపు ఒప్పందం కిందికి వస్తాయి. అలాంటి షరతు చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ కమిషన్‌కూ ఉంది. జిల్లా కమిషన్ సేవాలోపం కింద డబ్బు ఇప్పించగలదు గానీ షరతును కొట్టేసే ఈ ప్రత్యేక అధికారం దానికి లేదు. ఫిర్యాదు ఎక్కడ వేయాలో నిర్ణయించుకునేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

చదరపు అడుగుకు ఐదు రూపాయలు

ఏకపక్షం అనే మాట అగ్రిమెంటు చదువుతున్నప్పుడు కంటికి తేలిగ్గా కనపడదు. ఎందుకంటే బిల్డర్ ఆలస్యానికి కూడా పరిహారం రాసే ఉంటాడు. రాసే తీరులోనే ఉంది కిటుకు. కొన్నవాడి ఆలస్యానికి శాతంలో రాస్తారు, తన ఆలస్యానికి చదరపు అడుగుకు ఇన్ని రూపాయలని రాస్తారు. రెండింటినీ ఒకే కొలతలోకి మార్చుకుంటే తప్ప తేడా తెలియదు.

హైదరాబాద్ శివార్లలో 1,650 చదరపు అడుగుల ఫ్లాటు ఒకటి ఊహించుకోండి. కొన్నవాళ్లు 80 లక్షలు కట్టేశారు. ఆలస్యమైతే నెలకు చదరపు అడుగుకు 5 రూపాయలు ఇస్తామని అగ్రిమెంటులో ఉంది. లెక్క కడితే నెలకు 8,250, ఏడాదికి 99 వేలు. 80 లక్షల మీద అది ఏడాదికి ఒకటింపావు శాతం కూడా కాదు. అదే ఇంటివాళ్లు 8 లక్షల వాయిదా ఒక్క నెల ఆలస్యం చేస్తే 18 శాతం చొప్పున 12 వేలు కట్టాలి. 8 లక్షలకు నెల రోజులు ఆగినందుకు బిల్డర్‌కు 12 వేలు, 80 లక్షలకు నెల రోజులు ఆగినందుకు కొన్నవాళ్లకు 8,250. ఇంటి రుణం ఈఎంఐ ఒకవైపు, అద్దె ఒకవైపు కడుతూ నెలలు గడుపుతున్న కుటుంబానికి ఈ అంకె ఏ మూలకూ చాలదు.

ఊహించిన అంకెలే అయినా అసలు కేసుల్లో ఇంతకంటే అన్యాయంగా ఉన్నాయి. గురుగ్రామ్ సెక్టార్ 67ఏలో ది కారిడార్స్ అనే ప్రాజెక్టు అగ్రిమెంటులో కొన్నవాడి ఆలస్యానికి 20 శాతం వడ్డీ, అదీ మూడు నెలలకోసారి చక్రవడ్డీతో. బిల్డర్ ఆలస్యానికి చదరపు అడుగుకు ఏడున్నర రూపాయలు. అది ఏడాదికి దాదాపు ఒక్క శాతం వడ్డీతో సమానమని 2021 జనవరి 11 నాటి తీర్పులో సుప్రీంకోర్టు లెక్కగట్టి, ఆ అగ్రిమెంటు పూర్తిగా ఏకపక్షమని తేల్చింది.

బెంగళూరు బేగూరు దగ్గర డీఎల్‌ఎఫ్ సదరన్ హోమ్స్ కట్టిన ప్రాజెక్టులో చదరపు అడుగుకు 5 రూపాయల షరతే ఉంది. అక్కడ 339 మంది కలిసి కొట్లాడారు. అగ్రిమెంటులో ఒప్పుకున్న పరిహారం కంటే పైసా ఎక్కువ అడగకూడదని బిల్డర్ వాదించాడు. 2020 ఆగస్టు 24న సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. బిల్డర్ ఇచ్చిన ఆ ఐదు రూపాయలకు తోడు, కట్టిన సొమ్ముపై ఏడాదికి 6 శాతం చొప్పున ఇవ్వమంది. ఈ కేసులో ఇంకొక సంగతి ఉంది. తాళాలు తీసుకున్నారు, సేల్ డీడ్ రాయించుకున్నారు కాబట్టి ఇక పరిహారం అడిగే హక్కు పోయిందని బిల్డర్ అన్నాడు. అభ్యంతరం తెలుపుతూ రిజిస్ట్రేషన్ చేయించుకుంటామంటే అతను ఒప్పుకోలేదు. హక్కు వదులుకుంటేనే ఇల్లు రాస్తానని మెలిక పెట్టడం అన్యాయమని, ఇల్లు తీసుకున్నంత మాత్రాన పరిహారం హక్కు పోదని కోర్టు చెప్పింది. అయితే విడిగా రాజీ పత్రం రాసుకున్నవాళ్లను మాత్రం ఆ లాభం నుంచి మినహాయించింది. రిజిస్ట్రేషన్ రోజున హడావుడిలో ముందుకు తోసే ప్రతి కాగితాన్నీ చదవాల్సింది ఇందుకే. సేల్ డీడ్ వేరు, సెటిల్‌మెంట్ కాగితం వేరు.

మా చేతుల్లో లేని కారణాలు

గడువు షరతు కింద, చాలా అగ్రిమెంట్లలో, ఒక పెద్ద పేరా ఉంటుంది. దాన్నే ఫోర్స్ మేజర్ అంటారు. యుద్ధం, వరద, భూకంపం, అగ్నిప్రమాదంతో మొదలవుతుంది. మెల్లగా కూలీల కొరత, సిమెంటు, స్టీలు దొరక్కపోవడం, అనుమతుల ఆలస్యం, ప్రభుత్వ ఉత్తర్వులు, కోర్టు స్టేలు, చివరికి బిల్డర్ అధీనంలో లేని ఏ ఇతర కారణమైనా అనే దాకా సాగుతుంది. ఇవన్నీ జరిగినంతకాలం గడువు దానంతటదే పొడిగిపోతుందని చివరి వాక్యం.

ఆ జాబితాలో రాసుకున్నంత మాత్రాన ప్రతిదీ సాకుగా పనికిరాదు. ఢిల్లీ మోతీనగర్‌లోని క్యాపిటల్ గ్రీన్స్ కేసు దీనికి మంచి ఉదాహరణ. దరఖాస్తు తేదీ నుంచి 36 నెలల్లో పూర్తి చేస్తామన్న బిల్డర్, ఆలస్యానికి రెండు కారణాలు చెప్పాడు. ప్లాన్ల ఆమోదం ఆలస్యమైందన్నది మొదటిది. నిర్మాణంలో ప్రమాదాలు జరిగి మనుషులు చనిపోవడంతో పని ఆపమని అధికారులు ఉత్తర్వులిచ్చారన్నది రెండోది. 2020 డిసెంబరు 14న సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు: ప్లాన్ల ఆమోదంలో ఆలస్యం నిర్మాణ రంగంలో మామూలే. ఈ వ్యాపారంలో ఉన్నవాడికి అది ముందే తెలుసు. తెలిసే తేదీ ఇచ్చాడు కాబట్టి దాన్ని అడ్డం పెట్టుకోకూడదు. పని ఆపే ఉత్తర్వుల సాకును కమిషన్ అంతకుముందే ఒప్పుకోలేదు, కోర్టు కూడా ఆ నిర్ణయంలో జోక్యం చేసుకోలేదు. అయితే కమిషన్ ఇచ్చిన 7 శాతం పరిహారాన్ని 6 శాతానికి తగ్గించింది. మధ్యలో బిల్డర్ కొన్నవాళ్లకు వడ్డీతో డబ్బు తీసుకుని వెళ్లే అవకాశం ఇచ్చాడని, ఫ్లాట్ల ధర బాగా పెరిగిందని కూడా పరిగణనలోకి తీసుకుంది. కోర్టులు కళ్లు మూసుకుని ఒక పక్షానికి మొగ్గవని ఇలాంటి చోట తెలుస్తుంది.

ధరలు పెరగడం గురించి 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అది కరెంటు కంపెనీల కేసు. ఇండోనేషియా బొగ్గు ధర పెరిగి నష్టం వచ్చినంత మాత్రాన కాంట్రాక్టు నుంచి తప్పుకోవడానికి వీల్లేదంది. బాధ్యత నెరవేర్చడం భారమవడం, అసాధ్యమవడం రెండూ ఒకటి కావు. స్టీలు ధర పెరిగిందని చెప్పే బిల్డర్‌కూ ఇదే వర్తిస్తుంది.

ఇంకా వెనక్కి పోతే, అసాధ్యమైన కాంట్రాక్టుల మీద మన దేశంలో మూలస్తంభంలాంటి తీర్పు కూడా ప్లాట్ల అమ్మకం తగాదాలోనే వచ్చింది. 1940లో కలకత్తా శివార్లలో ఒక కంపెనీ రోడ్లు, కాలువలు వేసి ఇస్తామని ప్లాట్లు అమ్మింది. ఒకాయన 101 రూపాయలు అడ్వాన్సు ఇచ్చి కొన్నారు. మరుసటి ఏడాది ఆ భూమిని యుద్ధ అవసరాలకు మిలటరీ తీసేసుకుంది. అప్పుడు కంపెనీ అడ్వాన్సు వాపసు తీసుకుని ఒప్పందం రద్దయినట్టు అనుకోండి అంది. 1953 నవంబరులో సుప్రీంకోర్టు దానికి ఒప్పుకోలేదు. ఒప్పందం రాసుకున్ననాటికే యుద్ధం నడుస్తోంది, ఇలాంటి ఇబ్బందులు రావచ్చని ఇద్దరికీ తెలుసు, పని ఫలానా తేదీలోగా చేయాలన్న పట్టింపూ లేదు, కాబట్టి ఒప్పందం పునాదే కూలిపోయిందనడం కుదరదని చెప్పింది. ఒప్పందం నాటికే తెలిసిన కష్టాన్ని తర్వాత అనుకోని ఆపదగా చూపలేరన్న సూత్రం డెబ్బై ఏళ్ల తర్వాత కూడా అలాగే నిలబడి ఉంది.

ఇప్పుడు మన ఊహా ఫ్లాటు దగ్గరికి మళ్లీ వద్దాం. గడువు 2023 జూన్ 30, గ్రేస్‌తో డిసెంబరు 31. బిల్డర్ తాళాలిచ్చింది 2025 మార్చి 31. ఆలస్యం 15 నెలలు. కేసు వేయగానే అతను దాఖలు చేసే కౌంటర్‌లో ఇలా ఉంటుంది: భారీ వర్షాల వల్ల మూడు నెలలు, ఫైర్ ఎన్‌ఓసీ ఆలస్యం వల్ల ఐదు నెలలు, ఎన్నికలకు ఉత్తరాది కూలీలు ఊళ్లకు పోవడం వల్ల రెండు నెలలు, హైకోర్టు స్టే వల్ల ఐదు నెలలు. కలిపితే సరిగ్గా 15 నెలలు, ఆలస్యమే లేనట్టు.

వీటిని ఒక్కొక్కటే పట్టుకుని చూడాలి. హైదరాబాద్‌లో ఏటా వర్షాకాలం వస్తుంది. 2023 జూన్ గడువు రాసినప్పుడే మధ్యలో వచ్చే వానాకాలాలు లెక్కలో ఉండాలి. సెల్లారులోకి వరద వచ్చి పని నిజంగా ఆగిన రోజులు ఉంటే, సైట్ రిజిస్టరులోనో పంపుల అద్దె బిల్లుల్లోనో కనపడాలి. అవి చూపిస్తే ఒక 20 రోజులు ఒప్పుకోవచ్చు. అంతకుమించి కాదు. ఫైర్ ఎన్‌ఓసీ ఎవరు ఎప్పుడు దరఖాస్తు చేశారు, అధికారులు ఏ లోపం చూపించి వెనక్కి పంపారు అన్నది అడగాలి. ప్లాన్లు సరిగా పెట్టకపోవడం వల్లే ఆగితే అది అతని తప్పు. అనుమతి రావడం మామూలుగానే ఆలస్యమైతే క్యాపిటల్ గ్రీన్స్ తీర్పు ఉంది. కూలీలు ఎన్నికలకు వెళ్లడం ఆకాశం నుంచి ఊడిపడ్డ విషయం కాదు. ఇక హైకోర్టు స్టే ఎందుకు వచ్చిందన్నది అసలు ప్రశ్న. బిల్డర్ పక్క స్థలంలోకి జరిగాడని పొరుగువాళ్లు వేసిన కేసులో వచ్చిన స్టే అయితే, తన తప్పు నుంచి తానే లాభం పొందినట్టవుతుంది. అది కుదరదు. ఇలా చూస్తే 15 నెలల ఆలస్యంలో ఆపద ఖాతాలో రాసుకోదగినవి మహా అయితే 20 రోజులు.

ఇంకో గుర్తు కూడా ఉంది. నిజంగా ఆపద వస్తే బిల్డర్ అప్పుడే ఉత్తరం రాస్తాడు. కొన్ని అగ్రిమెంట్లలో అలా తెలియజేయాలనే షరతు కూడా ఉంటుంది. పని ఆగినప్పుడు ఒక్క మాటా చెప్పకుండా, వాయిదాలు మాత్రం టంచనుగా వసూలు చేసి, కేసు పడ్డాక జాబితా తీస్తే దాన్ని నమ్మడానికి కారణం ఉండదు. ఆపద అని చెప్పేవాడే రుజువు చేయాలి. కారణం ఉండటమే కాదు, ఆ కారణం వల్లే, అన్ని రోజులే పని ఆగిందని చూపించాలి.

కోవిడ్ సంగతి విడిగా చెప్పాలి. 2020 మే 13న కేంద్ర గృహనిర్మాణ శాఖ కోవిడ్‌ను ఫోర్స్ మేజర్‌గా పరిగణించి, మార్చి 25న గానీ ఆ తర్వాత గానీ గడువు తీరే రెరా ప్రాజెక్టుల రిజిస్ట్రేషన్‌ను ఆరు నెలలు పొడిగించమని, అవసరమైతే మరో మూడు నెలలు ఇవ్వమని రాష్ట్రాలకు సూచించింది. 2018లోనే గడువు దాటిన ఇంటికి 2020 నాటి జబ్బును కారణంగా చూపిస్తే ఆ మాట నిలవదు. అయినా కౌంటర్లలో అది ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

రెరా వచ్చాక రెండు తేదీలు

2016 నాటి రెరా చట్టం బిల్డర్ల పెద్ద జాబితాను బాగా కుదించింది. సెక్షన్ 6 ప్రకారం ఫోర్స్ మేజర్ అంటే యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, లేదా ప్రాజెక్టు పనిని దెబ్బతీసే ఇతర ప్రకృతి వైపరీత్యం మాత్రమే. కూలీలూ సిమెంటూ అందులో లేరు. ఆలస్యానికి ఇద్దరూ ఒకే రేటు వడ్డీ ఇచ్చిపుచ్చుకోవాలని కూడా చట్టం చెప్పింది. తెలంగాణ నిబంధనల్లో ఆ రేటు స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్‌ఆర్ మీద 2 శాతం. కాబట్టి ఐదు రూపాయల షరతు రెరా కింద రిజిస్టరైన ప్రాజెక్టులో ఉన్నా అది చట్టం ముందు నిలవదు.

చాలామంది పొరపడేది ఇక్కడే. బిల్డర్ రెరా దగ్గర ప్రాజెక్టు రిజిస్ట్రేషన్‌కు ఏడాది పొడిగింపు తెచ్చుకుని, చూడండి ప్రభుత్వమే మాకు గడువిచ్చింది అంటాడు. ఆ పొడిగింపు ప్రాజెక్టును చట్టబద్ధంగా నడుపుకోవడానికి అతనికిచ్చినది. మీకిచ్చిన అగ్రిమెంటులోని తేదీ అలాగే ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఫలానా తేదీ దాకా ఉందని కొన్నవాళ్ల హక్కు అప్పటిదాకా వాయిదా పడదని 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మరుసటి ఏడాది నవంబరు 11న న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో ఇంకా ముందుకెళ్లింది. గడువులో ఇల్లు ఇవ్వకపోతే సెక్షన్ 18 కింద డబ్బు వాపసు అడగడం కొన్నవాడి షరతుల్లేని హక్కు అని, కొన్నవాడికి సంబంధం లేని అనుకోని సంఘటనలూ కోర్టు స్టేలూ దానికి అడ్డు కావని పేర్కొంది. పరిహారం ఎన్ని నెలలకు అన్న దగ్గర ఆపద రోజుల లెక్క పనికిరావచ్చు గానీ, బయటికి వెళ్లిపోతానన్నవాడిని పట్టి ఆపడానికి పనికిరాదు.

కోర్టు ముట్టుకోని చోట్లు

ఇదంతా చదివి అగ్రిమెంటులో ఏమున్నా ఫరవాలేదనుకుంటే దెబ్బతింటారు. ది కారిడార్స్ కేసునే చూడండి. అగ్రిమెంటు ఏకపక్షమని తేల్చిన కోర్టే, గడువు ఎప్పటి నుంచి లెక్కించాలన్న దగ్గర బిల్డర్ మాట నెగ్గించింది. ప్లాన్లకు ఆమోదం 2013 జులై 23న వచ్చింది. ముందస్తు అనుమతులు కూడా పూర్తయ్యాకే 42 నెలలు మొదలవుతాయని అగ్రిమెంటులో ఉంది. ఫైర్ అనుమతి వచ్చింది 2014 నవంబరు 27న. కోర్టు ఆ తేదీ నుంచే లెక్క మొదలుపెట్టింది. ఆ ఒక్క వాక్యం వల్ల కొన్నవాళ్లు 16 నెలలు నష్టపోయారు. అంతేకాదు, ఓసీ వచ్చి తాళాలు ఇస్తామన్న టవర్లలో కొన్నవాళ్లు ఫ్లాటు తీసుకోవాల్సిందేనని, ఆలస్యానికి పరిహారం మాత్రం అడగవచ్చని తేల్చింది. ఓసీ రాని టవర్లవాళ్లకే 9 శాతం వడ్డీతో డబ్బు వాపసు. ఆలస్యం ఎంత, ఓసీ ఎప్పుడొచ్చింది, కేసు ఎప్పుడు వేశారు అన్నవే ఫలితాన్ని మారుస్తాయి.

ధర పడిపోయిందనో మనసు మారిందనో కొన్నవాడే వెనక్కి తగ్గితే ఇంకో కథ. గురుగ్రామ్‌లోని గోద్రెజ్ ప్రాజెక్టులో ఒక కొనుగోలుదారు ఇల్లు సిద్ధమయ్యాక మార్కెట్ పడిందని రద్దు చేసుకున్నారు. అగ్రిమెంటు ప్రకారం బిల్డర్ మూలధరలో 20 శాతం కోసేసుకోవచ్చు. 2025 ఫిబ్రవరి 3న సుప్రీంకోర్టు ఆ 20 శాతం ఏకపక్షమంది, 10 శాతానికి మించి కోయవద్దంది. తిరిగిచ్చే మొత్తం మీద వడ్డీ మాత్రం ఇప్పించలేదు. తప్పు బిల్డర్‌ది కానప్పుడు 10 శాతం పోతుందని ముందే అనుకోవాలి.

కేసు వేయడానికి వినియోగదారుల చట్టంలో రెండేళ్ల గడువుంది. ఇల్లు అప్పగించనంతకాలం ఆ హక్కు సజీవంగానే ఉంటుందని కోర్టులు చెబుతూ వచ్చాయి. ఇల్లు చేతికొచ్చాక మాత్రం రోజులు లెక్కలోకి వస్తాయి, కాబట్టి పరిహారం కోసం ఆలోచిస్తూ కూర్చోవద్దు. తాళాలు తీసుకునే రోజునే, ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు వదులుకోకుండా తీసుకుంటున్నామని ఒక ఈమెయిలు పంపి దాచుకోండి.

ఇంకా సంతకం పెట్టనివాళ్లకు ఒక్క మాట. ఫ్లాటు ధరలో 10 శాతం దాటి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయాలని రెరా సెక్షన్ 13 చెబుతోంది. డబ్బు మీ చేతిలో ఉన్న ఆ ఘట్టంలోనే మీ మాటకు బలం ఉంటుంది. అప్పుడే గడువు దగ్గర, అనుమతుల నుంచి ఇన్ని నెలలు అనే వాక్యం కొట్టేయించి, రోజు, నెల, సంవత్సరంతో ఒక తేదీ రాయించుకోండి. ఆ మార్పుకు బిల్డర్ ఒప్పుకోకపోతే, మిగతా 90 శాతం అతని చేతిలో పెట్టే ముందు ఆగండి.